ఊదా మూత ట్యూబ్‌లోంచి ఎర్ర మూత ట్యూబ్‌లోకి రక్తం ఒంపితే పొటాషియం 6.9 చూపిస్తుందా?

మున్నేరు ఒడ్డు · ఆదివారం, రాత్రి 9:40

మా నాన్నగారికి 64 ఏళ్లు. బీపీకి చాలా ఏళ్లుగా టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు. మొన్న గురువారం పొద్దున్న ఒక ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. సీబీపీ, కిడ్నీ, లివర్, కాల్షియం పరీక్షలు రాసిచ్చారు. సాయంత్రం ఫోన్‌కి రిపోర్ట్ వచ్చింది. పొటాషియం 6.9 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. డాక్టర్‌గారికి పంపితే, ఆ మాత్ర వాడేవాళ్లలో పొటాషియం పెరగడం మామూలే, ఇంత ఉంటే గుండె మీద పడుతుంది, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లమన్నారు.

ఆ రాత్రి పడ్డ టెన్షన్ చెప్పలేను. అక్కడ ఈసీజీ తీస్తే మామూలుగానే ఉంది. నాన్నగారు మంచం మీద కూర్చుని ‘నాకేం కాలేదురా’ అంటున్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కించడానికి అన్నీ సిద్ధం చేయించి కూడా, ‘ముందు ఇంకోసారి రక్తం చూద్దాం’ అంది. గంటలోపే రిజల్ట్ వచ్చింది. 4.3.

మర్నాడు ల్యాబ్‌కి ఫోన్ చేస్తే మిషన్ సరిగ్గానే ఉందన్నారు. నాకు ఒక్క విషయం గుర్తుంది. ఆ అబ్బాయి సిరంజితో రక్తం తీసి ముందు ఊదా మూత ట్యూబ్ నింపాడు. మిగిలింది ఎర్ర మూత దాంట్లో పోస్తే కొంచెం తక్కువైంది. మళ్లీ గుచ్చడం ఎందుకని, ఊదా ట్యూబ్ మూత తీసి అందులోంచి కాస్త ఎర్ర దాంట్లోకి ఒంపాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనిపించలేదు. ఒకే మనిషి రక్తం, ఒకే సూదితో తీసింది. ఏ గొట్టంలో ఉంటే ఏమిటి? అసలు ఈ మూతలకి ఇన్ని రంగులెందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా తీరం · ఆదివారం, రాత్రి 10:05

నాకు మెడికల్ షాపు ఉంది, రోజూ రిపోర్టులు చూస్తుంటాను. ఇది రక్తకణాలు పగలడం వల్ల వచ్చిందే. సన్న సూదితో గట్టిగా లాగినా, సిరంజిలోంచి బలంగా ట్యూబ్‌లోకి నొక్కినా ఎర్రకణాలు పగిలి, వాటి లోపలి పొటాషియం బయటికొస్తుంది. మీరు చెప్పిన ఒంపడానికీ దీనికీ సంబంధం లేదు. మూతల రంగు ల్యాబ్‌లో ఏ ట్యూబ్ ఏ మిషన్ దగ్గరికి పోవాలో తెలియడానికి పెట్టిన గుర్తు, అంతే.

పాత మైక్రోస్కోప్ · ఆదివారం, రాత్రి 10:48

ముప్ఫై ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేశాను. మున్నేరు ఒడ్డు గారూ, అదే రిపోర్టులో మూడు విషయాలు చూసి చెప్పండి. కాల్షియం ఎంత? లివర్ పరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత? కింద ఎక్కడైనా ‘హీమోలైజ్డ్’ అని రాశారా?

పెన్నా తీరం గారు చెప్పినది చాలాసార్లు నిజమే. తప్పుగా పెరిగిన పొటాషియం కనబడితే మేము కూడా ముందు అనుమానించేది కణాలు పగలడాన్నే. కానీ అప్పుడు పైన తేరిన సీరం ఎర్రగా కనిపిస్తుంది, ఈ రోజుల్లో మిషన్లు కూడా పట్టేస్తాయి. ఆ మూడూ తెలిస్తే ఏ దారి అన్నది తేలుతుంది.

మున్నేరు ఒడ్డు · ఆదివారం, రాత్రి 10:56

కాల్షియం 4.1 ఉంది సార్. పక్కన 8.5 నుంచి 10.5 ఉండాలని రాశారు. పొటాషియం గొడవలో దీన్ని ఎవరమూ పట్టించుకోలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 22, అది 40కి పైన ఉండాలట. హీమోలైజ్డ్ అని ఎక్కడా లేదు. ఎమర్జెన్సీలో మళ్లీ తీసినప్పుడు కాల్షియం 9.3 వచ్చింది.

పాత మైక్రోస్కోప్ · ఆదివారం, రాత్రి 11:50

అయితే మీ కళ్లముందు జరిగిన ఆ ఒంపడమే కారణమని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. కొంచెం వివరంగా రాస్తాను.

రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం ఉండి తీరాలి. ఊదా మూత ట్యూబ్‌లో ఉండే ఈడీటీఏ ఆ కాల్షియాన్ని చుట్టేసి పట్టుకుంటుంది, ఇక వదలదు. అందుకే అందులో రక్తం గడ్డకట్టకుండా, కణాలు ఉన్న ఆకారంలోనే ఉంటాయి. సీబీపీకి కావలసింది అదే, కణాలను లెక్కపెట్టాలి కదా. ఎర్ర మూత ట్యూబ్ సంగతి దీనికి పూర్తిగా తిరుగు. అందులో రక్తం గడ్డకట్టాలి, పైన తేరిన సీరంలో పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ చూడాలి. ఒక దాంట్లో గడ్డ కట్టకూడదు, ఇంకో దాంట్లో కట్టితీరాలి. రంగు చెప్పేది ఆ తేడానే. మూత మార్చినా, లోపలిది ఇందులోంచి అందులోకి పోసినా పరీక్ష తప్పుతుంది.

ఇప్పుడు పొటాషియం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఈడీటీఏని ఊరికే వేస్తే రక్తంలో సరిగా కరగదు. అందుకని దాని పొటాషియం ఉప్పును వాడతారు. మనం ఎక్కువగా చూసే రకంలో ఒక్కో ఈడీటీఏ అణువు వెంట రెండు పొటాషియంలు వస్తాయి. అది పట్టుకునేది మాత్రం ఒక్క కాల్షియాన్నే. అంటే ఈడీటీఏ ఎర్ర ట్యూబ్‌లోకి చేరితే పొటాషియం ఎంత పెరిగిందో, మిల్లీమోల్ లెక్కలో దానికి సగం కాల్షియం కనబడకుండా పోవాలి.

మీ నాన్నగారి అంకెలతోనే వేసి చూద్దాం. పొటాషియం అసలు 4.3, చూపించింది 6.9. తేడా 2.6. అందులో సగం 1.3. కాల్షియం ఒక మిల్లీమోల్ అంటే మన రిపోర్టుల లెక్కలో 4 మిల్లీగ్రాములు. 1.3ని 4తో గుణిస్తే 5.2. అసలు కాల్షియం 9.3లోంచి 5.2 తీసేయండి. 4.1. రిపోర్టులో ఉన్న అంకె అదే. ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు, మిషన్ని బట్టి, పరీక్ష పద్ధతిని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. కానీ ఒకటి పైకి, ఇంకొకటి కిందికి ఇలా జంటగా కదిలితే నేను ఇంకో కారణం వెతకను.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగ్గడం కూడా ఇదే కథలోని భాగం. ఆ ఎంజైము పనిచేయాలంటే జింకు, మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ వాటినీ లాక్కుంటుంది. కణాలు పగిలి ఉంటే పొటాషియం పెరిగేది గానీ కాల్షియం ఇలా సగానికి పడిపోదు. శాంపిల్‌ని వేరు చేయకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పొటాషియం పెరుగుతుంది, అప్పుడు కూడా కాల్షియం జోలికి పోదు.

ఎంత ఒంపితే ఇంత తేడా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. ట్యూబ్‌లో మిల్లీలీటరు రక్తానికి సుమారు 1.8 మిల్లీగ్రాముల ఈడీటీఏ ఉప్పు ఉంటుంది. ఎర్ర ట్యూబ్‌లో మొత్తం 2 మిల్లీలీటర్లు అనుకుంటే, నా లెక్క ప్రకారం అందులో ఆరేడు చుక్కలు ఊదా దాంట్లోంచి వచ్చి ఉంటే చాలు.

మున్నేరు ఒడ్డు · సోమవారం, ఉదయం 6:15

ఆరేడు చుక్కలు! అతను ఒంపినది దాదాపు అంతే సార్. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిజంగా పొటాషియం 4.3 ఉన్న మనిషికి ఆ రాత్రి ఇన్సులిన్ ఎక్కించి ఉంటే ఏమయ్యేది?

పాత మైక్రోస్కోప్ · సోమవారం, ఉదయం 7:30

పొటాషియం మామూలు కంటే కిందికి పోయేది, షుగర్ కూడా పడిపోయే ప్రమాదం ఉంది. ఆ డాక్టరమ్మ ఈసీజీని, మనిషిని చూసి ఆగింది. అలాగని ఈసీజీ బాగుంది కాబట్టి పొటాషియం రిపోర్ట్ తప్పు అని ఇంట్లో మనమే తేల్చుకోకూడదు. నిజంగా పెరిగినా ఈసీజీ మామూలుగా ఉండేవాళ్లు ఉన్నారు. మిమ్మల్ని ఎమర్జెన్సీకి పంపిన డాక్టర్ చేసినదీ సరైన పనే.

నన్ను ఎక్కువ భయపెట్టేది 6.9 కాదు, అది అందరి కంట్లో పడుతుంది. రెండు చుక్కలే కలిస్తే? ఒకరికి విరేచనాలై పొటాషియం నిజంగా 3.0కి పడిపోయిందనుకోండి. కొద్దిపాటి ఈడీటీఏ కలిసి అది 3.6 అని చూపిస్తే, రిపోర్టులో అంతా మామూలే అని ఉంటుంది. కాల్షియం పరీక్ష రాయకపోతే పట్టుకునే ఆధారమే ఉండదు.

ఇంటింటి సూది · సోమవారం, ఉదయం 11:20

నేను చేసేది ఈ పనే. పదకొండేళ్లయింది. పొద్దున 5:30కి బండి తీస్తే 10 లోపు పదిహేను, ఇరవై ఇళ్లు తిరగాలి. ఆ అబ్బాయిని వెనకేసుకు రావడం లేదు గానీ, ఒంపడం ఎందుకు జరుగుతుందో మీకు తెలియాలి. పెద్దవాళ్ల నరాలు జారిపోతాయి. ఒకసారి గుచ్చి సగంలో ఆగిపోతే, ఇంకోసారి గుచ్చుతానంటే ఇంట్లోవాళ్లు అరుస్తారు. ల్యాబ్‌కి ఫోన్ చేసి వాళ్లు ఫిర్యాదు చేస్తే మా జీతం మీదికి వస్తుంది. చేతిలో ఊదా ట్యూబ్ నిండుగా కనిపిస్తుంటుంది.

ఇంకో సంగతి. పని నేర్చుకున్న కొత్తలో ఊదా ట్యూబ్ ఖాళీదే అనుకునేవాడిని. మీరూ ఒకసారి కొత్త ట్యూబ్ తీసుకుని కిటికీ వెలుతురుకి అడ్డంగా తిప్పి చూడండి. లోపలి గోడకి సన్నటి తెల్లటి మంచు పట్టినట్టు ఉంటుంది, అదే మందు. నీలం మూత దాంట్లో అయితే అడుగున నీళ్లలాంటి మందు స్పష్టంగా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని ఎవరూ ఒంపరు. నాకు ఎవరూ చెప్పలేదు, మూడో ఏడు ఒక మేడమ్ చూపించారు. అప్పటి నుంచి రక్తం చాలకపోతే చాలలేదనే రాసి ఇస్తున్నాను.

మున్నేరు ఒడ్డు · సోమవారం, మధ్యాహ్నం 12:02

అన్నా, నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్. ఆ రోజు ‘ఇంకోసారి గుచ్చుతావా’ అని మా అమ్మ కూడా కాస్త విసుగ్గానే అంది. అది నేను మొదటి పోస్టులో రాయలేదు.

కాకినాడ కాజా · సోమవారం, మధ్యాహ్నం 2:35

ఊదా ట్యూబ్ వల్ల మేమూ నష్టపోయాం. పోయిన వర్షాకాలం మా చెల్లికి జ్వరం వస్తే డెంగ్యూ అనుకున్నారు. ప్లేట్‌లెట్స్ 38 వేలు అని వచ్చాయి. ఇంట్లో అందరూ బొప్పాయి ఆకు రసమని, రక్తం ఇచ్చేవాళ్లు కావాలని ఊరంతా ఫోన్లు. చెల్లికేమో ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్ల నుంచి చుక్క రక్తం లేదు. రెండో రోజు ఒక పెద్దాయన స్లైడ్ మీద చూసి, ప్లేట్‌లెట్స్ గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయన్నారు. నీలం మూత ట్యూబ్‌లో మళ్లీ తీస్తే లక్షా అరవై రెండు వేలు. డెంగ్యూ పరీక్ష కూడా నెగెటివ్. అందుకే అందరికీ చెబుతున్నాను, ప్లేట్‌లెట్స్ ఎప్పుడూ నీలం ట్యూబ్‌లోనే తీయించుకోండి, ఊదాది నమ్మొద్దు.

పాత మైక్రోస్కోప్ · సోమవారం, సాయంత్రం 5:10

మీ చెల్లెలి విషయంలో ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. కానీ దాన్నుంచి మీరు తీసిన సలహా సరి కాదు.

కొందరి రక్తంలో ఒక రకం యాంటీబాడీలు ఉంటాయి. ఒంట్లో ఉన్నంతసేపు వాటివల్ల ఏ నష్టమూ లేదు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసినప్పుడు ప్లేట్‌లెట్ల పైపొర కొంచెం మారుతుంది, అప్పుడు ఇవి వాటిని ఒకదానికొకటి అంటిస్తాయి. మిషన్ ఒక గుంపునంతా ఒకే కణంగా లెక్కపెడుతుంది, లేదా పెద్దగా ఉంది కాబట్టి తెల్లకణం అనుకుంటుంది. ఇలాంటివాళ్లు సుమారు వెయ్యిమందిలో ఒకరు ఉంటారు. మిగతా అందరికీ ఊదా ట్యూబే సరైనది. నిజమైన డెంగ్యూలో ప్లేట్‌లెట్స్ నిజంగానే పడిపోతాయి, ఏ ట్యూబ్‌లో తీసినా తక్కువే వస్తాయి. మీ మాట విని ఎవరైనా 38 వేలు చూసి ఇది ట్యూబ్ తప్పులే అని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్లేట్‌లెట్స్ అనుకోకుండా తక్కువ వస్తే, స్లైడ్ మీద చూశారా, గుంపులు ఉన్నాయా అని అడగండి. ఆ ప్రశ్న ఎవరైనా అడగొచ్చు. నీలం ట్యూబ్‌లో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ద్రవం కలుస్తుంది కాబట్టి రక్తం కొంచెం పలచబడుతుంది. వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. మీ చెల్లెలి అసలు లెక్క లక్షా డెబ్భై ఎనిమిది వేల దగ్గర ఉంటుంది. ఈ సంగతి ఆమె ఫైల్లో మొదటి పేజీ మీద రాసి పెట్టండి. ఎప్పుడైనా ఆపరేషన్‌కి వెళ్తే మళ్లీ ఇదే గొడవ వస్తుంది.

ఎంఎల్‌టీ మూడో ఏడు · సోమవారం, రాత్రి 8:15

సార్, మా దగ్గర సిట్రేట్‌లో కూడా గుంపులు కనిపించిన కేసు ఒకటి వచ్చింది. 1.1తో గుణించిన అంకెను నమ్మొచ్చా? మా మేడమ్ వెంటనే వేలి నుంచి తీసి స్లైడ్ మీద లెక్కవేయమన్నారు.

పాత మైక్రోస్కోప్ · సోమవారం, రాత్రి 8:40

సిట్రేట్‌లో గుంపులు ఉంటే ఆ అంకెను నమ్మకూడదు, గుణించినా ప్రయోజనం లేదు. మీ మేడమ్ చెప్పిన దారి మంచిదే. నేనైతే రక్తం తీసిన చోటే, తీసిన కొద్ది నిమిషాల్లో మిషన్‌లో పెట్టి కూడా చూసేవాడిని. ఆలస్యమయ్యేకొద్దీ గుంపులు పెరుగుతాయి. దేని మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవాలన్న దాంట్లో మాలోనే అందరిదీ ఒక మాట కాదు.

చీరాల చేనేత · మంగళవారం, ఉదయం 9:05

నాదొక సందేహం. మా అమ్మకి గుండె వాల్వ్ మార్చారు, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. నెలకోసారి ఐఎన్‌ఆర్ చూపించాలి, అది నీలం మూత ట్యూబ్‌లో తీస్తారు. ఒకసారి రక్తం సగమే వచ్చిందని ల్యాబ్‌లో తిప్పి పంపారు. ఒక చుక్కతో షుగర్ చూస్తున్న ఈ రోజుల్లో అంత రక్తం చాలలేదంటే నాకు అర్థం కాలేదు, కొంచెం గొడవ కూడా పడ్డాను. పైగా ఊదా దాంట్లోనూ కాల్షియం పోతుంది, నీలం దాంట్లోనూ పోతుందంటున్నారు. రెంటికీ ఒకే ట్యూబ్ పెట్టొచ్చు కదా?

ఎంఎల్‌టీ మూడో ఏడు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, సిట్రేట్ కాల్షియాన్ని గట్టిగా పట్టుకోదు. ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం కదా. ల్యాబ్‌కి వచ్చేదాకా గడ్డకట్టకూడదు, వచ్చాక మనం చెప్పిన క్షణంలో మొదలవ్వాలి. అందుకని మేము కలిపే రీఏజెంట్‌లో కాల్షియం ఉంటుంది. అది పడగానే సిట్రేట్ బలం చాలదు, గడ్డకట్టడం మొదలవుతుంది, గడియారం కూడా అప్పుడే మొదలు. ఈడీటీఏలో అయితే ఆ కాల్షియాన్ని కూడా అదే మింగేస్తుంది.

రక్తం తక్కువైతే పరీక్షకి చాలక కాదు. ట్యూబ్‌లో సిట్రేట్ 0.3 మిల్లీలీటర్లు ముందే పోసి ఉంటుంది, 2.7 రక్తం రావాలి. 1.5 మాత్రమే వస్తే నిష్పత్తి తొమ్మిదికి ఒకటి కాకుండా అయిదుకి ఒకటి అవుతుంది. మిగిలిపోయిన సిట్రేట్ మేము వేసే కాల్షియంలో కొంత తినేస్తుంది, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

పాత మైక్రోస్కోప్ · మంగళవారం, మధ్యాహ్నం 3:15

చక్కగా చెప్పావు తమ్ముడూ. ఒకటి కలుపుతాను. సిట్రేట్ పోయేది ప్లాస్మాలోకే, కణాల్లోకి కాదు. 2.7 మిల్లీలీటర్ల రక్తంలో ప్లాస్మా దాదాపు 1.6 ఉంటుంది. 1.5లో అయితే 0.9. సిట్రేట్ మాత్రం రెండు చోట్లా అదే 0.3. చూడటానికి ట్యూబ్ సగం కంటే ఎక్కువే నిండినట్టు ఉంటుంది గానీ లోపలి తేడా అంత ఉంది. అందుకే పుట్టుకతో గుండె జబ్బుండి ఎర్రకణాలు బాగా పెరిగిన పిల్లల్లో ట్యూబ్ గీత దాకా నిండినా తప్పు వస్తుంది, వాళ్లకి సిట్రేట్ ముందే తగ్గించి తీయాలి.

చీరాల అమ్మా, తప్పుగా ఎక్కువ వచ్చిన ఐఎన్‌ఆర్ చూసి మాత్ర తగ్గిస్తే ఏమవుతుంది? వాల్వ్ మీద గడ్డ కడుతుంది. మీ శాంపిల్ తిప్పి పంపిన ల్యాబ్ మీకు మేలే చేసింది. తేడా ఇంకా ఎక్కువగా కనబడేది ఏపీటీటీ అనే పరీక్షలో, ఐఎన్‌ఆర్‌లో కొంచెం తక్కువే. అయినా నేను కూడా తిప్పి పంపేవాడిని.

చీరాల చేనేత · మంగళవారం, మధ్యాహ్నం 3:50

అర్థమైంది సార్. వచ్చే నెల వెళ్లినప్పుడు వాళ్లతో ఆ రోజు మాట్లాడిన తీరు గురించి చెప్పుకుంటాను.

రైన్ నది పక్కన · మంగళవారం, సాయంత్రం 6:20

జర్మనీలో నర్సుగా చేస్తున్నాను, మాది ఏలూరు దగ్గర. రంగుల గురించి ఒక హెచ్చరిక. మీరు చెప్పే రంగులు అన్ని దేశాల్లో, అన్ని కంపెనీల ట్యూబుల్లో ఒకటి కావు. మా ఆసుపత్రిలో వాడే రకంలో ఈడీటీఏకి ఎర్ర మూత, సిట్రేట్‌కి ఆకుపచ్చ, సీరానికి గోధుమ రంగు, షుగర్‌కి పసుపు. వచ్చిన మొదటి వారం పొటాషియం కోసం చెయ్యి ఎర్ర దాని మీదికే వెళ్లింది. పక్కనున్న సీనియర్ ‘లేబుల్ చదువు’ అని ఆపింది. ఇండియాలో ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు అది. అప్పటి నుంచి రంగు చూసినా, మీద రాసింది చదవకుండా ట్యూబ్ ముట్టను.

ఇక్కడ వరుస కూడా గట్టిగా పాటిస్తాం. రక్తం కల్చర్ ఉంటే ముందు అది, తర్వాత సిట్రేట్, తర్వాత సీరం, తర్వాత హెపారిన్, దాని తర్వాతే ఈడీటీఏ, చివర షుగర్‌ది. మున్నేరు గారి నాన్నగారికి ఊదాది ముందు నింపడమే అసలు తప్పు అని నా అభిప్రాయం. ఒంపకపోయినా సూది కొన ద్వారా కొంత అంటుకుని వెళ్లేది.

పాత మైక్రోస్కోప్ · మంగళవారం, రాత్రి 7:45

అమ్మా, వరుస పాటించాలన్నది నేను కాదనను. కానీ వరుస మారడం వల్లనే 2.6 పెరిగిందంటే నేను ఒప్పుకోను. ట్యూబ్‌లోని వాక్యూమే రక్తాన్ని లాక్కునే పద్ధతిలో, సరిగ్గా చేస్తే, వరుస తప్పినా చెప్పుకోదగ్గ తేడా రాలేదని చూపిన పరిశోధనలు ఉన్నాయి. సూది కొనకి అంటే తడి ఎంత? ఆరేడు చుక్కలు ఉండదు. నేను చూసిన పెద్ద పెద్ద తేడాలన్నీ ఒంపడం వల్లో, సిరంజి కొనను ట్యూబ్‌లోని రక్తానికి తగిలించి నింపడం వల్లో వచ్చినవే.

రైన్ నది పక్కన · మంగళవారం, రాత్రి 8:30

నరం దొరక్క చెయ్యి పైకెత్తి, ట్యూబ్ తలకిందులుగా పట్టుకుని తీసే సందర్భాలు మాకు రోజూ ఉంటాయి సార్. అప్పుడు నిండిన ట్యూబ్‌లోది వెనక్కి సూది దాకా వస్తుంది. సరిగ్గా చేస్తే అన్న మాటలోనే ఉంది అంతా. అర్ధరాత్రి డ్యూటీలో ప్రతిసారీ సరిగ్గా జరగదు కాబట్టే వరుస కావాలంటాను.

ఇంటింటి సూది · మంగళవారం, రాత్రి 9:10

మీ ఇద్దరి మాటల్లో నాకు పనికొచ్చేది ఏంటంటే, సిరంజి వాడేవాడికి వరుసా కావాలి, ఒంపకూడదు కూడా. మా జిల్లాలో నాకు తెలిసిన సగం మంది ఇంకా సిరంజితోనే తీస్తారు.

పెన్నా తీరం · బుధవారం, ఉదయం 8:00

మొదట నేను రాసినది వెనక్కి తీసుకుంటున్నాను, కాల్షియం సంగతి నాకు తట్టలేదు. మరి బూడిద రంగు మూత సంగతి? అందులో తీసినా షుగర్ ఒక్కోసారి మా షాపులోని చిన్న మిషన్‌తో కలవదు.

పాత మైక్రోస్కోప్ · బుధవారం, ఉదయం 8:50

బయటికి తీసిన రక్తంలో కూడా కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. బూడిద ట్యూబ్‌లోని ఫ్లోరైడ్ ఆ తినడాన్ని ఆపుతుంది, కానీ పడగానే ఆపదు, గంట పైనే పడుతుంది. మొదటి గంటలో పోయేది పోతుంది. చిన్న మిషన్‌తో కలవకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, వేలి రక్తానికీ నరం రక్తానికీ తేడా ఉంటుంది. దానికి వేరే చర్చ పెట్టండి, అందులో మాట్లాడుకుందాం.

మున్నేరు ఒడ్డు · శనివారం, రాత్రి 8:25

అందరికీ జరిగింది చెబుతాను. పాత మైక్రోస్కోప్ గారి లెక్కను కాగితం మీద రాసుకుని ల్యాబ్‌కి వెళ్లాను. అక్కడి ఇన్‌ఛార్జ్ మొదట వినలేదు. 6.9, 4.1, 22 మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ శాంపిల్ పారేశారట, కాబట్టి మళ్లీ పరీక్షించి తేల్చడానికి లేదు. ఆ అబ్బాయిని పిలిపించారు. ఒంపానని ఒప్పుకున్నాడు. ఊదా దాంట్లో మందు ఉంటుందని తనకి తెలియదన్నాడు. ఇంటింటి సూది అన్న చెప్పినట్టు నేనే ఒక కొత్త ట్యూబ్ అడిగి తీసుకుని వెలుతురుకి తిప్పి చూపించాను. లోపల సన్నగా తెల్లగా కనిపించింది.

ఈరోజు పొద్దున నాన్నగారికి మళ్లీ తీశారు, అదే అబ్బాయి. ఈసారి ముందు ఎర్రది, తర్వాత ఊదా. ఎర్రది పావు తక్కువైంది. అతను నా మొహంలోకి చూశాడు, నేను అమ్మ మొహంలోకి చూశాను. రెండో చేతికి గుచ్చమని నాన్నగారే చెయ్యి చాపారు. పొటాషియం 4.5, కాల్షియం 9.4. ఆపేసిన బీపీ మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు డాక్టర్‌గారు.

ఒక్కటే మిగిలింది. ల్యాబ్ యాప్‌లో నాన్నగారి పొటాషియం గ్రాఫ్‌లో ఆ 6.9 ఇంకా అలాగే ఉంది. రేపు కొత్త డాక్టర్ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? తీసేయమంటే ఒకసారి విడుదలైన రిపోర్ట్ తీయడం కుదరదంటున్నారు.

పాత మైక్రోస్కోప్ · శనివారం, రాత్రి 9:15

తీసేయడం వాళ్లు చేయకూడదు కూడా. సవరించిన రిపోర్ట్ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. పాత అంకె పక్కన ‘శాంపిల్‌లో ఈడీటీఏ కలిసినట్టు అనుమానం, ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు’ అని సంతకంతో రావాలి. ఎమర్జెన్సీలో వచ్చిన 4.3 రిపోర్టు కూడా దానికి జతచేసి ఉంచుకోండి.

ఎంఎల్‌టీ మూడో ఏడు · శనివారం, రాత్రి 9:40

శాంపిల్ లేకుండా అలా రాసి సంతకం పెట్టడానికి ఏ ల్యాబ్ ఒప్పుకుంటుంది సార్? మా దగ్గరైతే ఒప్పుకోరు.

మున్నేరు ఒడ్డు · శనివారం, రాత్రి 9:52

సోమవారం లెటర్ ఇస్తున్నాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.